శనివారానికి ఎన్ని దండలు?

శనివారం ఉదయం తొమ్మిదిన్నర. ఆంజనేయస్వామి గుడి సందులో పక్కపక్కనే రెండు పూల బండ్లు. ఒక బండి మీద కొక్కేలన్నీ ఖాళీ. సరుకు ఎనిమిదింటికే అయిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు "దండలు అయిపోయినయ్ అక్కా" అన్న మాటే. రెండో బండి మీద ఇంకా ఇరవై బంతిదండలు వేలాడుతున్నాయి, ఎండ వాటి మీదికి జరుగుతోంది. చూసేవాళ్లకు మొదటి బండి గెలిచినట్టు, రెండోది ఓడినట్టు ఉంటుంది. నిజానికి ఒకరు తక్కువ కట్టి పోగొట్టుకున్నారు, ఇంకొకరు ఎక్కువ కట్టి పోగొట్టుకున్నారు. ఎవరిది ఎక్కువ నష్టమో కంటికి కనిపించదు, కాగితం మీద వేసి చూడాల్సిందే. గుడి దగ్గర ఇల్లుండి, పొద్దున్నే లేవగలిగి, పూలు కట్టడం వచ్చినవాళ్లు కూడా ఈ వ్యాపారంలో దెబ్బతినేది ఎక్కువగా ఈ లెక్క దగ్గరే.

అయితే లెక్క కన్నా ముందు గుడిని చూడాలి. ఏ సరుకు పెట్టాలో చెప్పేది అమ్మేవాళ్ల అభిరుచి కాదు, ఆ గుడి ఆచారం. హైదరాబాద్‌లో బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర పసుపు కుంకుమ, గాజులు, వేపకొమ్మలు, ఒడిబియ్యం సామాను కదులుతాయి. ఆషాఢంలో అయితే చెప్పే పనే లేదు. చిలుకూరు బాలాజీ దగ్గరికి వచ్చేవాళ్ల మనసంతా ప్రదక్షిణల మీదే. కోరుకోవడానికి పదకొండు, తీరాక నూట ఎనిమిది. అక్కడ ఖరీదైన పెద్ద దండలు వరసగా వేలాడదీసుకుని కూర్చుంటే సాయంత్రానికి అవి అలాగే ఉండొచ్చు. కర్మన్‌ఘాట్, తాడ్‌బండ్ లాంటి ఆంజనేయస్వామి గుళ్ల దగ్గర మంగళ, శనివారాలే వారం మొత్తానికి ఆధారం. బంతిదండ, తమలపాకుల దండ, తెల్లజిల్లేడు దండ, సింధూరం, కొబ్బరికాయ అడుగుతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక నెల మంగళ, శనివారాల్లో గుడి నుంచి బయటికి వచ్చేవాళ్ల చేతులు కాకుండా, లోపలికి పోయేవాళ్ల చేతులు చూస్తే చాలు, ఏం పెట్టాలో తెలిసిపోతుంది. పూజారి ఎలాంటి దండ స్వామికి వేస్తున్నారు, ఎలాంటిది తాకించి పక్కన పెడుతున్నారు అన్నది కూడా గమనించాల్సిన సంగతే. పక్కన పెట్టేసే దండను భక్తులు రెండోసారి కొనరు.

ఇక్కడ ఒక ఆంజనేయస్వామి గుడి, ఒక బంతిదండ, ఒక శనివారం తీసుకుని చూద్దాం. ధరలు రోజురోజుకూ మారేవే కాబట్టి, కింద వేసిన రూపాయలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. ఎవరి లెక్కలో వాళ్ల ధరలు వేసుకోవాలి.

నగరంలో పూలకు పెద్ద దిక్కు మెహిదీపట్నం పక్కనున్న గుడిమల్కాపూర్ మార్కెట్. జాంబాగ్‌లో ఉండే పాత పూల మార్కెట్ అక్కడికి తరలింది. బంతి, చామంతి చుట్టుపక్కల చేవెళ్ల లాంటి ప్రాంతాల నుంచీ, కర్ణాటక నుంచీ వస్తాయి. తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. పొద్దెక్కేకొద్దీ ధర తగ్గుతుంది. తగ్గిన ధరకు సాయంత్రం అమ్మకానికి కొనొచ్చు గానీ, శనివారం పొద్దుటి అమ్మకానికి మాత్రం చీకట్లోనే కొనక తప్పదు.

కొనేచోట చూడాల్సింది నీళ్లు. బంతిపువ్వు స్పాంజి లాంటిది, తడిపితే తూకం పెరుగుతుంది. నీళ్ల ధర కూడా పువ్వు ధరే పడుతుంది. అంతకన్నా చెడు, తడి బంతి సంచిలో ఊరకే వేడెక్కుతుంది. కోసిన తర్వాత కూడా పువ్వు ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే కుప్ప నడుమ పూలు ఉడికినట్టయి, మధ్యాహ్నానికి గోధుమరంగు తిరుగుతాయి. అందుకే పైన పరిచిన పూలను చూసి బేరం ఆడకూడదు. చెయ్యి కుప్ప మధ్యలోకి పెట్టాలి. లోపల వెచ్చగా తగిలినా, సంచి అడుగు తడిగా ఉన్నా ఆ కుప్ప వద్దు. ఒక పువ్వు తీసి తొడిమ దగ్గర నొక్కితే గట్టిగా ఉండాలి, దులిపితే రేకులు రాలకూడదు. ఇంటికి తెచ్చాక చేయాల్సిన మొదటి పని సంచి విప్పి పూలను నీడలో, తడి గోనెపట్టా మీద పలచగా పరచడం. అలసిపోయి వచ్చాం కదా అని సంచిని అలాగే గోడకు ఆనించి పడుకుంటే కొన్న సరుకులో ఎంతో కొంత అక్కడే పోతుంది.

ఇప్పుడు కిలో నుంచి దండకు రావాలి. మార్కెట్‌లో కొనేది కిలోల్లో, గుడి దగ్గర అమ్మేది మూరల్లో, దండల్లో. ఈ రెండింటి మధ్య వంతెన వేయకపోతే లాభం తెలియదు. మొదటిసారి ఒక కిలో పూలు లెక్కపెట్టి చూడటం మంచిది. మధ్యరకం బంతిలో నలిగినవి, రేకులు రాలినవి తీసేయగా 120 పూలు మిగిలాయనుకుందాం. ఒకదాని మీద ఒకటి బిగువుగా గుచ్చితే మూరకు సుమారు 20 పూలు పడతాయి. రెండు మూరల చిన్న దండకు 40. అంటే కిలోకు మూడు దండలు. కిలో 50, ఆటో ఖర్చు, దారం కలిపితే 54 పడిందంటే, ఒక్కో దండకు పూల ఖర్చు 18 రూపాయలు. గుచ్చే మనిషికి దండకు 7. మొత్తం 25. అమ్మేది 50. ఇంట్లోవాళ్లే గుచ్చుకున్నా ఆ 7 రూపాయలు లెక్కలో ఉండాల్సిందే. "మన చేతిపనే కదా" అని వదిలేస్తే, ఎవరికైనా ఒంట్లో బాగోలేక కూలి మనిషిని పెట్టుకున్న రోజున వ్యాపారం ఉన్నట్టుండి నష్టాల్లోకి పోయినట్టు కనిపిస్తుంది. అది ముందునుంచీ ఉన్నదే.

అమ్ముడైన దండ మీద 25 లాభం. మిగిలిన దండను ఆదివారం ఎవరో 10కి తీసుకుంటారు. నష్టం 15. లాభం నష్టం కన్నా ఎక్కువ కాబట్టి కాస్త ఎక్కువే కట్టాలని అర్థమవుతుంది. కానీ ఎంత ఎక్కువ?

దీనికి ఒక నోటుబుక్కు కావాలి. ప్రతి శనివారం ఎన్ని దండలు అమ్ముడయ్యాయో రాయడం అందరూ చేస్తారు. అసలైన సంగతి రాయరు: సరుకు ఎన్ని గంటలకు అయిపోయింది, ఆ తర్వాత ఎంతమంది అడిగి వెళ్లారు. 40 కట్టి 40 అమ్మితే పుస్తకంలో 40 అని పడుతుంది. వచ్చే వారం ఆ 40 చూసి మళ్లీ 40 కడతారు. నిజంగా అడిగినవాళ్లు 60 మంది అయినా ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కాబట్టి దండలు అయిపోయాక కూడా, అడిగి ఖాళీ చేతులతో వెళ్లిన ఒక్కొక్కరికీ ఒక గీత గీయాలి. అమ్మినవి, గీతలు కలిపితే ఆ రోజు అసలు గిరాకీ.

అలా పది మామూలు శనివారాల గిరాకీ రాసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే ఇలా వచ్చిందనుకుందాం: 36, 40, 43, 46, 48, 51, 54, 58, 64, 80. సగటు 52. చాలామంది సగటు దగ్గర ఆగుతారు. సగటు చూడకుండా ఒక్కో దండనూ విడిగా అడగాలి: ఇది కట్టాలా, వద్దా?

54వ దండనే తీసుకుందాం. పది శనివారాల్లో గిరాకీ 54కు గానీ, అంతకు మించి గానీ వెళ్లింది నాలుగుసార్లు. ఆ నాలుగు వారాల్లో అది అమ్ముడై 25 చొప్పున 100 రూపాయలు తెస్తుంది. మిగతా ఆరు వారాల్లో మిగిలిపోయి 15 చొప్పున 90 పోగొడుతుంది. పది రూపాయలు మిగులు కాబట్టి కట్టొచ్చు. మరి 55వది? ఆ స్థాయికి గిరాకీ వచ్చింది మూడు వారాలే. 75 వస్తుంది, ఏడు వారాల్లో 105 పోతుంది. వద్దు. అంటే 54 దగ్గర ఆగాలి. 80 దండలు పోయిన ఆ ఒక్క శనివారం మనసులో పెట్టుకుని ప్రతి వారం 80 కట్టేవాళ్లు, ఆ ఒక్కరోజు ఆనందానికి తొమ్మిది వారాలు కప్పం కడుతున్నట్టే.

ఈ లెక్కలో ఒక లోపముంది, అనుభవమున్నవాళ్లు వెంటనే పట్టుకుంటారు. దండ కొనడానికి వచ్చిన మనిషి దండ ఒక్కటే కొనదు. కొబ్బరికాయ, కర్పూరం, వత్తులు కూడా అక్కడే తీసుకుంటుంది. దండ లేదంటే పక్క బండికి పోతుంది, కొబ్బరికాయ కూడా అక్కడే కొంటుంది. ఆ వెంట అమ్మకాల మీద పది రూపాయలు మిగులుతాయనుకుంటే, దండ లేకపోవడం వల్ల పోయేది 25 కాదు, 35. ఇప్పుడు 55వ దండను మళ్లీ అడగాలి. మూడు వారాల్లో 105 వస్తుంది, ఏడు వారాల్లో 105 పోతుంది. సమానం. అంటే 58 దాకా కట్టినా చేతి నుంచి పోయేదేం లేదు, వచ్చినవాళ్లు తిరిగి పోకుండా ఉంటారు. తొమ్మిదిన్నరకు ఖాళీ కొక్కేలతో కూర్చున్న మొదటి బండి నష్టం ఇదే. పక్క బండికి పోయిన కొబ్బరికాయలు దాని పుస్తకంలో ఎక్కడా కనిపించవు.

పాత దుకాణాలవాళ్లు ఈ చిక్కును ఇంకోలా దాటేస్తారు. పూలు ఎక్కువ కొంటారు, దండలు తక్కువ కడతారు. గుచ్చిన దండ మర్నాటికి వాడిపోయి 10 రూపాయల సరుకు అవుతుంది. గుచ్చని బంతి నీడలో, తడి పట్టా మీద ఉంటే మర్నాడు కూడా బంతే. ఆ 18 రూపాయల పూలకు ఆదివారం 12 విలువ ఉన్నా, మిగిలితే నష్టం 6 మాత్రమే, గుచ్చిన కూలి కూడా పోలేదు. వెంట అమ్మకాలు పక్కన పెట్టి దండ లాభం 25తోనే చూసినా, 64వ దండకు సరిపడా పూలు కొనాలా అన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. రెండు వారాల్లో 50 వస్తుంది, ఎనిమిది వారాల్లో 48 పోతుంది. కొనొచ్చు. 65వ దండకు మాత్రం 25 వచ్చి 54 పోతుంది. అక్కడ ఆగాలి.

కాబట్టి 64 దండలకు సరిపడే పూలు, అంటే సుమారు ఇరవై ఒకటిన్నర కిలోలు తెచ్చి, తెల్లవారేలోగా 40 గుచ్చి వేలాడదీస్తారు. మిగతావి బండి వెనక కూర్చున్న మనిషి గిరాకీ చూస్తూ గుచ్చుతుంది. దీనికీ హద్దుంది. చేయి తిరిగిన మనిషికి కూడా రెండు మూరల దండకు అయిదు నిమిషాలు పడుతుంది. మిగిలిన 24 దండలకు రెండు గంటలు. ఆరింటి నుంచి ఎనిమిది దాకా జనం ఒక్కసారిగా వస్తే, గుచ్చే చేయి ఒక్కటే అయితే ఆ రెండు గంటలూ దానికే సరి. ఎనిమిదిలోపే జోరు ముగిసే గుడి అయితే ముందు గుచ్చేవి 40 కన్నా ఎక్కువ ఉండాలి. రద్దీ మధ్యాహ్నం దాకా పలచగా సాగే గుడి అయితే 30 చాలు.

ఈ కిటుకు అన్ని పూలకూ పనికిరాదు. మల్లె మొగ్గగా ఉన్నప్పుడే విలువ. సాయంత్రానికి విచ్చుకుంటుంది, మర్నాటికి దాన్ని ఎవరూ అడగరు. మూర 18కి పడి 30కి అమ్ముడైతే లాభం 12, మిగిలితే పోయేది పూర్తిగా 18. పదింట ఆరు వారాలు అమ్ముడయ్యే మూర దగ్గర వచ్చేది 72, పోయేది 72. ఆ మూర దాటి ఒక్కటి ఎక్కువ తెచ్చినా నష్టమే. బంతిలో సగటు కన్నా ఎక్కువ తెచ్చిన మనిషే మల్లెలో సగటు కన్నా తక్కువ తేవాలన్నమాట. ఒకే బండి మీద ఒక సరుకు దగ్గర ధైర్యం, ఇంకో సరుకు దగ్గర పిరికితనం కావాలి. తులసికి తడి పడదు. నీళ్లు చల్లి మూట కడితే గంటల్లో నల్లబడుతుంది.

తమలపాకుల దండ సంగతి కొంచెం వేరు. 108 ఆకుల దండ అడిగేవాళ్లు ముందే చెప్పి పెట్టుకుంటారు కాబట్టి అక్కడ ఊహించే పని తక్కువ. అడ్వాన్సు తీసుకుని కడతారు. కష్టం అంతా ఆకును ఏరడంలోనే. చిల్లులున్నది, కొస విరిగింది, పసుపు తిరిగినది దండలో ఒక్కటి కనిపించినా మొక్కుకున్నవాళ్ల మనసు చివుక్కుమంటుంది. 108 కావాలంటే ఇంకో పాతిక ఆకులు అదనంగా కొనాలి. ఇంకో సంగతి, చాలామంది గమనించనిది: పూజా సామాను బండి మీద పండిన అరటిపళ్లు కూడా ఉంటాయి. పండే అరటిపండు నుంచి వెలువడే వాయువు పక్కనున్న ఆకును తొందరగా పసుపు తిప్పుతుంది, గులాబీ రేకులను రాలుస్తుంది. అరటిపళ్ల గెల ఒక చివర, ఆకుల బుట్ట ఇంకో చివర ఉండాలి. చోటు చాలడం లేదని రెండింటినీ ఒకే గోనె కింద కప్పితే మధ్యాహ్నానికి తేడా కనిపిస్తుంది.

పూల మీద వచ్చే డబ్బు ఎగుడుదిగుడుగా ఉంటుంది. బండిని నిలబెట్టేది కొబ్బరికాయ, కర్పూరం, అగరబత్తి, వత్తులు. ఇవి ఈ రోజు అమ్ముడు కాకపోతే రేపు అమ్ముడవుతాయి. కర్పూరాన్ని మాత్రం గట్టి మూత ఉన్న డబ్బాలోనే ఉంచాలి, విప్పి పెట్టిన ప్యాకెట్ గాలికి ఆవిరై చిన్నదవుతుంది. కొబ్బరికాయ దగ్గర అసలు చిక్కు కుళ్లింది తగలడం. గుడిలో కాయ కొట్టగానే కుళ్లు కనిపిస్తే భక్తురాలు దాన్ని అపశకునంగా తీసుకుంటుంది. నేరుగా బండి దగ్గరికే వస్తుంది. అప్పుడు మాటలు పనికిరావు, మారు మాట్లాడకుండా ఇంకో కాయ ఇవ్వాలి. నూటికి మూడు అలా వెనక్కి వచ్చాయనుకున్నా, 28 రూపాయల కాయ మీద పడే భారం 84. నూరు కాయల మీద పంచితే కాయకు రూపాయి కూడా కాదు. దాన్ని ముందే ధరలో కలుపుకోవాలి. కొనేటప్పుడు ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాలి, కళ్ల దగ్గర తడి, బూజు ఉండకూడదు. ఈ రెండూ చూస్తే ఆ మూడింటిలో ఒకటో రెండో తగ్గుతాయి.

చోటు విషయం. దేవాదాయ శాఖ కింద ఉన్న గుళ్ల ఆవరణలోని దుకాణాలు మామూలుగా వేలంలో పోతాయి. పాటలో పోటీ పెరిగి పాడిన అద్దె మొత్తాన్ని ఒక్కో శనివారానికి ఎన్ని దండలవుతుందో మార్చి చూసుకోవాలి. నెలకు 10,000 అద్దె అంటే దండ మీద 25 లాభంతో 400 దండలు అద్దెకే. పైన చూసిన గుడిలో నాలుగు శనివారాలు కలిపినా 210 దాటడం లేదు. ఇక బయట ఫుట్‌పాత్ మీద పెట్టుకునేవాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. జీహెచ్ఎంసీ ఇచ్చే గుర్తింపు కార్డు చేతిలో ఉంటే, రోడ్డు ఖాళీ చేయించే రోజున మాట్లాడటానికి ఒక ఆధారం. ఆ కార్డు ఉంటే 2020లో మొదలైన పీఎం స్వనిధి రుణానికి కూడా దారి దొరుకుతుంది. మొదటి విడత 10,000గా ఉండేది, 2025లో దాన్ని 15,000 చేశారు. గిరిగిరి ఫైనాన్స్‌వాళ్లు పదివేల అప్పుకు తొమ్మిదివేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, ప్రతిరోజూ నాలుగు దండల లాభం సాయంత్రానికల్లా వాళ్ల జేబులోకి పోతుంది. వాళ్లు వచ్చేది శనివారాలు చూసుకుని కాదు, బుధవారం కూడా వస్తారు.

ఇంకో సంగతి పూర్తిగా చెప్పక తప్పదు. స్వామికి వేసి తీసేసిన దండలను కొందరు తిరిగి బండి మీదికి తెచ్చుకుంటారు. ఖర్చు లేని సరుకు అన్న ఆశ. కానీ సింధూరం అంటిన రేకులు, నలిగిన ముడి, ఒకవైపు పూలు అణగడం చూస్తే అలవాటైన భక్తులు వెంటనే గుర్తుపడతారు. నిర్మాల్యం అమ్మారన్న మాట ఒక్కసారి సందులో పాకితే ఆ బండి దగ్గరికి ఆ గుడి భక్తులు మళ్లీ రారు.

పండగ రోజుల్లో పై లెక్క పనిచేయదు. పది మామూలు శనివారాలు పండగ గురించి ఏమీ చెప్పవు. హైదరాబాద్‌లో ఆంజనేయస్వామికి రెండు పెద్ద రోజులున్నాయి. చైత్ర పౌర్ణమి నాడు విజయోత్సవం. గౌలిగూడ రామమందిరం నుంచి తాడ్‌బండ్ దాకా శోభాయాత్ర సాగేది ఆ రోజే. రెండోది, నలభై ఒక్క రోజుల దీక్షలు ముగిసే వైశాఖ బహుళ దశమి. మొదటి రోజున గిరాకీ కన్నా దారి పెద్ద చిక్కు. యాత్ర సాగే రోడ్ల మీద ట్రాఫిక్ మళ్లింపులు మొదలయ్యాక గుడిమల్కాపూర్ నుంచి ఆటో ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. పూలు ముందురోజు రాత్రికే ఇంట్లో ఉండాలి. అప్పుడు పలచగా పరచడానికి చోటుందా అన్నది ధర కన్నా ముఖ్యమవుతుంది. ఒక గదిలో ఇరవై కిలోలు పరిచినవాళ్లు అదే గదిలో అరవై కిలోలు పరచలేరు. కుప్ప పోస్తే తెల్లారేసరికి నడుమ పూలు ఉడికిపోతాయి.

పండగ ధర ఇంకో మెలిక. మామూలుగా 50 ఉన్న కిలో ఆ వారంలో 120 పలికితే, దండకు పూల ఖర్చే 40 దాటుతుంది. భక్తులు 50 దండను 100కు కొంటారు గానీ, మిగిలిన దండ మర్నాడు 10కే పోతుంది, ఎందుకంటే పండగ అయిపోయిన మర్నాడు మార్కెట్లో బంతి ధర పడిపోతుంది. ఒక్కో మిగులు దండ మీద నష్టం 15 నుంచి దాదాపు 40 రూపాయలకు చేరుతుంది. పండగ రోజున గిరాకీ ఎక్కువ ఉంటుంది కాబట్టి భయం లేకుండా కొనొచ్చు అనుకునేవాళ్లు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. ఆ ధరకు గుచ్చని పూలను కూడా మర్నాటికి దాచి లాభం లేదు. కాబట్టి పెద్ద దండలు, ఆకుపూజలు ముందే అడ్వాన్సుతో రాసుకుని, బయటి గిరాకీకి మాత్రం దండలు రెండు మూరల నుంచి ఒకటిన్నర మూరకు తగ్గించి కడతారు. 30 పూలతో దండ, పూల ఖర్చు 30కి కాస్త పైన. ధర 70 చెప్తే భక్తురాలికి మరీ భారం కాదు. ఆ రోజు ఎన్ని అమ్ముడయ్యాయో, ఎన్ని గంటలకు అయిపోయాయో, ఎంతమంది తిరిగి పోయారో నోటుబుక్కు వెనకవైపు విడిగా ఒక పేజీలో రాసుకుంటారు. వచ్చే చైత్రానికి చూసుకోవడానికి ఉండే లెక్క ఆ పేజీ ఒక్కటే.